మా నిమ్మ మసాజ్ నూనె ఎందుకు ఆపేశామంటే

“ప్యాచ్ టెస్ట్ చేసుకునే వాడానండీ, ఏమీ రాలేదు. మరి చేతులు ఎందుకు కమిలిపోయాయి?”

కడియం నర్సరీలో పనిచేసే ఒకావిడ పోయిన వారం అడిగిన మాట ఇది. తప్పు ఆవిడది కాదు, మాది.

పొద్దున్నే నూనె రాసుకుని మొక్కలకు నీళ్లు పెట్టడానికి వెళ్లారట. ఆ రోజు ఏమీ లేదు. మర్నాడు మంట, ఎరుపు. మూడో రోజుకి బొబ్బలు. ఇప్పుడు మోచేతి నుంచి మణికట్టు దాకా, నూనె జారిన దారి వెంటే గోధుమరంగు చారలున్నాయి. జాకెట్టు చేతుల కింద కూడా రాసుకున్నారు, అక్కడ మాత్రం ఏమీ లేదు. అది చూశాకే నాకు అర్థమైంది. అలర్జీ అయితే బట్ట కింద కూడా వచ్చేది, మంటకంటే దురద ఎక్కువుండేది.

నిమ్మతొక్కని పిండి తీసిన నూనెలో ఫ్యూరోకూమరిన్లు అనే పదార్థాలుంటాయి. ఎండలోని యూవీఏ కిరణాలు తగిలితే అవి చర్మకణాల డీఎన్ఏకి అతుక్కుని కణాల్ని దెబ్బతీస్తాయి. మబ్బు పట్టినా, కారు అద్దం వెనక కూర్చున్నా ఆ కిరణాలు వస్తాయి. ఆవిరితో తీసిన నిమ్మనూనెలో ఈ ఇబ్బంది లేదు, ఎందుకంటే ఆ బరువైన పదార్థాలు ఆవిరితో పైకి లేవవు. ఒంటిమీద ఉండిపోయే సరుకులో పిండిన నిమ్మనూనె 0.7 శాతం దాటకూడదని సుగంధ పరిశ్రమ పెట్టుకున్న హద్దు. నేను 100 మి.లీ. కొబ్బరినూనెలో 2 మి.లీ. కలిపాను. వాసన బాగుందని మురిసిపోయానే గానీ లెక్క చూసుకోలేదు.

ఇక ప్యాచ్ టెస్ట్ సంగతి. మోచేతి లోపలివైపు, ఉత్తి నిమ్మనూనె కాదు, వాడబోయే కలిపిన నూనెనే రెండు చుక్కలు రాసి, బ్యాండేజీ వేసి 48 గంటలు తడపకుండా ఉంచాలి. తీశాక ఇంకో రెండు రోజులు గమనించాలి, అలర్జీ ఆలస్యంగా బయటపడుతుంది మరి. మధ్యలో దురద, మంట మొదలైతే వెంటనే తీసేసి సబ్బుతో కడగండి. ఆవిడ ఇదంతా సరిగ్గానే చేశారు. కానీ బ్యాండేజీ కింద ఎండ తగలదు కదా! ఈ పరీక్ష అలర్జీని పట్టిస్తుంది, ఎండతో వచ్చే దెబ్బని పట్టించదు. ఒకసారి బాగుందని ఎప్పటికీ బాగుంటుందనీ లేదు. మూత సరిగ్గా పెట్టక గాలి తగిలి పాతబడిన నిమ్మ, ఆరెంజ్ నూనెలు కొత్తవాటికంటే ఎక్కువగా అలర్జీ తెప్పిస్తాయి.

ఆకుపచ్చ లేబులు సీసా మీ దగ్గరుంటే వాడకండి. సగం అయిపోయినా సరే, తెచ్చిస్తే డబ్బులు మొత్తం ఇచ్చేస్తాను. ఈపాటికే రాసుకుని ఉంటే సబ్బుతో కడిగి, ఆ రోజంతా ఎండ తగలకుండా కప్పుకోండి. బొబ్బలొస్తే చిదమకుండా డాక్టరుకి చూపించండి. చారలు తగ్గడానికి నెలలు పట్టొచ్చు, ఆవిడకీ అదే చెప్పాను. మందుల ఖర్చు నాదే.

కొత్త సరుకు ఆవిరి నూనెతో చేస్తున్నాం. వాసన మునుపటంత ఘాటుగా ఉండదు.