నీటి పంపుల నిధి: జమా ఖర్చుల వివరణ

సభ్యులందరికీ నమస్కారం. కొత్త పంపులు, కొత్త పైపు కోసం ఇంటికి 10,000 రూపాయల చొప్పున అడిగాం. 60 ఇళ్లలో 56 ఇళ్ల నుంచి 5,60,000 వచ్చింది. బ్యాంకు వడ్డీ 6,000, పాత మోటార్లను తుక్కు కింద అమ్మితే 14,000 కలిపి మొత్తం జమ 5,80,000. ఖర్చు 5,18,000. నిల్వ 62,000.

అంచనా 5,00,000 మాత్రమే. తవ్వాక రెండు వాల్వులు తుప్పుపట్టి బిగుసుకుపోయి కనబడ్డాయి, వాటికి 18,000 అదనంగా అయింది. అంచనా వేయకముందే ఒకచోట తవ్వి చూడాల్సింది. చూడకపోవడం కమిటీ పొరపాటే.

ఇక చాలామంది అడిగిన ప్రశ్న: 2,00,000తో పాత పంపుల్నే బాగుచేయించి ఉంటే సరిపోయేది కదా?

ఆ దారిలో కరెంటు, రిపేర్ల మీద ఏటా 80,000 మిగిలేది, కానీ ఆ పంపులు 4 ఏళ్లకు మించి నడవవు. కొత్త పంపులు, కొత్త పైపు వేస్తే ఏటా 1,40,000 మిగులుతుంది. నిర్వహణకు 15,000 పోగా 1,25,000. వాటి ఆయుష్షు 10 ఏళ్లు. పెట్టిన డబ్బు తిరిగొచ్చే కాలం, అంటే పేబ్యాక్, మొదటిదానికి రెండున్నరేళ్లు, రెండోదానికి 4 ఏళ్లు. ఇక్కడే ఆగితే రిపేరే గెలుస్తుంది. కానీ పేబ్యాక్ డబ్బు తిరిగొచ్చే రోజు వరకే చూస్తుంది, ఆ తర్వాత ఏమొస్తుందో పట్టించుకోదు. రిపేరు చేసిన పంపు డబ్బు తిరిగొచ్చాక ఏడాదిన్నరే పనిచేస్తుంది. కొత్తది ఆరేళ్లు పనిచేస్తుంది.

పెట్టుబడి మీద రాబడి కూడా తికమక పెట్టింది. రిపేరు 4 ఏళ్లలో 60 శాతం, కొత్తది 10 ఏళ్లలో 150 శాతం ఇస్తాయి. కాలం చెప్పకుండా ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే లెక్క తప్పుతుంది. ఏడాదికి పంచితే రెండూ సరిగ్గా 15 శాతమే! మీటింగులో ఒక పూట వాదన అంతా ఈ అంకె చుట్టూనే తిరిగింది.

చివరికి తేల్చింది నేటి విలువ లెక్క. ఈ డబ్బు మరోచోట పెడితే ఏటా 8 శాతం వస్తుందనుకున్నాం. అలా చూస్తే నాలుగో ఏడాది చివర మిగిలే 80,000 ఈరోజు లెక్కలో 58,800 మాత్రమే. ప్రతి ఏడాదినీ ఇలా తగ్గించి కూడి, పెట్టుబడి తీసేస్తే రిపేరుకు 65,000, కొత్త పంపులకు 3,38,000 పైన మిగులుతుంది. ఆయుష్షులు వేరు కాబట్టి దీన్ని కూడా, నేరుగా భాగించకుండా అదే 8 శాతం లెక్కతో, ఏడాదికి పంచి చూశాం: రిపేరుకు ఏటా 19,600, కొత్తవాటికి 50,500. అంచనాలు తప్పితే ఏమవుతుందన్నదీ చూశాం. మిగులు నాలుగో వంతు పడిపోతే రిపేరు నష్టం అంచుకు చేరుతుంది. కొత్తవి 40 శాతం తగ్గినా తట్టుకుంటాయి.

ఒక సభ్యుడి అభ్యంతరం: కిందటేడు పాత మోటారుకు పెట్టిన 30,000 వృథా అయిందని. ఆ బాధ న్యాయమైనదే. కానీ ఏ దారి పట్టినా ఆ 30,000 వెనక్కి రాదు, అందుకే దాన్ని ఏ వైపూ కలపలేదు.

ఇప్పటికి ఏడాది నడిచింది. బిల్లుల తేడా చూస్తే నిర్వహణ పోగా 1,27,000 మిగిలింది, అంచనా కంటే ఎక్కువ. సంతోషించే ముందు మీటర్లు సరిచూశాం. సెలవుల్లో ఎక్కువ ఇళ్లు ఖాళీగా ఉండి నీళ్లే తక్కువ వాడారు. అలా తగ్గిన బిల్లును పంపుల ఖాతాలో వేయకూడదు. వెయ్యి లీటర్లకు ఎన్ని యూనిట్లు కాలాయో పాత రీడింగులతో పోల్చితే అసలు మిగులు 1,12,000.

ఈ నిజమైన అంకెలతో తిరిగి లెక్కిస్తే, తుక్కు డబ్బు పోగా పెట్టుబడి 5,04,000, పేబ్యాక్ నాలుగున్నరేళ్లు. మొత్తం రాబడి 150 శాతం నుంచి 122 శాతానికి దిగింది. నేటి విలువలో మిగులు సుమారు 2,47,500. అనుకున్నదానికంటే తక్కువే. అయినా రిపేరు అంచనా కంటే చాలా పైన ఉంది.

నిల్వ 62,000లోంచి ఈ ఏడాది నిర్వహణకు 15,000 విడిగా ఉంచుతున్నాం. మిగతా 47,000 వాడాలంటే సభ్యుల తీర్మానం కావాలి. రసీదులు, మీటరు రీడింగుల పుస్తకం కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. ఇంకా ఇవ్వని నాలుగు ఇళ్లవారు రెండు విడతల్లో కట్టినా సరే.