ఇందిర ఎన్నిసార్లు ప్రధాని? రెండా, మూడా, నాలుగా?

సంపాదకులు గారికి, నమస్కారం.

గత వారం మీ విద్యార్థుల పేజీలో ఇందిరా గాంధీ రాజకీయ జీవితాన్ని ఏడాదివారీ పట్టికగా వేశారు. మా మనవరాలు దాన్ని కత్తిరించి స్కూల్ ప్రాజెక్టులో అంటించుకుంది. నేను ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి, అలవాటు కొద్దీ ఎర్ర పెన్ను తీశాను.

1978 గడిలో ‘చిక్కమగళూరు గెలుపుతో మళ్లీ అధికారంలోకి’ అని ఉంది. మా పక్కింటాయనది చిక్కమగళూరే. చూపిస్తే పెద్దగా నవ్వారు. ఆ నవంబరులో ఆమె అక్కడ వీరేంద్ర పాటిల్ మీద ఉప ఎన్నికలో గెలిచిన మాట నిజమే. కానీ గెలిచింది ఎంపీగా మాత్రమే, అప్పుడు ప్రధాని మొరార్జీ దేశాయ్. పైగా డిసెంబరు 19న లోక్‌సభ ఆమెను సభ నుంచే బహిష్కరించింది. అంటే అధికారం రాలేదు సరికదా, గెలిచిన సీటు కూడా రెండు నెలలు నిలవలేదు.

ఈ పొరపాటు ఎక్కడ పుట్టిందో ఊహించగలను. ఎంపీ సీటు, ప్రధాని పదవి, పార్టీ సంగతులు మూడూ ఒకే గడిలో కుక్కారు. మూడింటికీ మూడు వరసలు ఉండాలి. ఒక వరసలో వచ్చిన మార్పు రెండో వరసలోనూ వచ్చి తీరాలని లేదు. 1967 వరకు ఆమె రాజ్యసభ సభ్యురాలు. ఆ ఏడాది రాయబరేలీ నుంచి లోక్‌సభకు వచ్చారు. సీటు మారింది, ప్రధాని పదవి మాత్రం తెగలేదు. 1969లో కాంగ్రెస్ చీలింది, అప్పుడూ అంతే. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఆమె ఎన్నిక చెల్లదంది. సుప్రీంకోర్టు షరతులతో స్టే ఇచ్చింది, ఆమె ప్రధానిగానే కొనసాగారు. మీ పట్టికలో అక్కడ అడ్డగీత గీసి ‘రెండో దఫా ముగింపు’ అని రాశారు. ఆ గీత తీసేయాలి.

ఇక దఫాల లెక్క. పిల్లలకు టెన్షన్ పెట్టేది ఇదే. ఆమె ప్రధానిగా నాలుగుసార్లు ప్రమాణం చేశారు: 1966 జనవరిలో, 1967 మార్చిలో, 1971 మార్చిలో, 1980 జనవరిలో. మొదటి మూడింటి మధ్య ఒక్క రోజు కూడా వేరే ప్రధాని లేరు కాబట్టి అదంతా ఒకే పదవీకాలం. ప్రమాణాలు లెక్కపెడితే నాలుగు, విడివిడి పదవీకాలాలు లెక్కపెడితే రెండు. ఆమె గెలిపించిన లోక్‌సభ ఎన్నికలు లెక్కపెడితే మూడు. దేన్ని లెక్కపెడుతున్నారో పట్టిక పైనే రాస్తే సరిపోయేది. మీ పట్టిక 1971ని ‘మూడోసారి’ అని, 1980ని ‘రెండోసారి’ అని అంది. మా పిల్ల అడిగిన ప్రశ్న ఇది: ‘తాతయ్యా, మూడు తర్వాత రెండు ఎలా వస్తుంది?’

ఏడాదికో గడి వేసే పద్ధతిలోనే ఇంకో చిక్కుంది. 1966 గడి మొత్తం ఇందిర పేరు మీద ఉండకూడదు. శాస్త్రి గారు జనవరి 11న పోయారు, పార్టీ ఎంపీలు ఇందిరను నాయకురాలిగా ఎన్నుకున్నది 19న, ప్రమాణం 24న. ఆ మధ్య రోజుల్లో ప్రధాని గుల్జారీలాల్ నందా. అలాగే 1977లో ఓడి రాజీనామా చేసినా, మార్చి 24న మొరార్జీ ప్రమాణం చేసేదాకా కుర్చీ ఆమెదే. ఆ తర్వాత ఆ ఏడాది గడి ఆమెకు ఖాళీ. 1980లో ఆమె పేరు జనవరి 14 నుంచి మొదలవ్వాలి. అంతకు ముందు రెండు వారాలు చరణ్ సింగ్‌వి.

లెక్క కట్టి చూడండి. ఆమె పేరున్న గడులను ఏళ్లుగా లెక్కిస్తే మొదట పన్నెండు, తర్వాత అయిదు, మొత్తం 17. తేదీలతో కడితే మొదటి కాలం 11 ఏళ్ల 59 రోజులు, రెండోది 4 ఏళ్ల 291 రోజులు. కలిపితే 15 ఏళ్ల 350 రోజులు, అంటే పదహారేళ్లకు కొంచెం తక్కువ. మీరు పట్టిక కింద ‘1966–84, 18 ఏళ్లు’ అని ముద్రించారు. జనతా పాలనను కూడా ఆమె ఖాతాలోనే వేసేశారన్నమాట!

తెలుగు పేపరు కాబట్టి ఇంకొక్క మాట. 1967 నుంచీ ఆమెను ‘మెదక్ ఎంపీ’గా చూపించారు. మెదక్ 1980లో వచ్చింది. ఆ ఎన్నికలో రాయబరేలీ, మెదక్ రెండుచోట్లా గెలిచి, రాయబరేలీని వదులుకుని మెదక్ ఉంచుకున్నారు. చనిపోయేనాటికీ ఆమె మెదక్ ఎంపీనే.

సవరించిన పట్టికను అదే పేజీలో, అదే సైజులో వేయించండి. ప్రాజెక్టు ఇవ్వాల్సింది వచ్చే సోమవారం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
మల్లేశ్వరం, బెంగళూరు