కార్యాలయ ఉద్యోగుల అధ్యయన సంఘం: వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సమావేశాలన్నీ ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఫ్యాక్టరీ కోసం పుట్టిన, ప్రతి పనినీ కొలిచి లెక్కగట్టే టేలర్ శాస్త్రీయ నిర్వహణ గుమాస్తా బల్ల దగ్గరికి వచ్చినప్పుడు ఏమైంది, పనివారి మధ్య సంబంధాలకు ప్రాధాన్యమిచ్చే మానవ సంబంధాల దృక్పథం దాన్ని ఎక్కడ నిలదీసింది అన్నదే ఆ విషయం. అమెరికాలోని హాథార్న్ ఫ్యాక్టరీలో కార్మికులపై జరిగిన ప్రయోగాలు (1924-32) మనకు తెలిసినవే కనుక వాటిని ఒక్క పూటలో ముగించాం.

ఏడాది మొత్తంలో నేను గర్వంగా చెప్పుకునేది చీట్ల సమావేశం. సామాజిక శాస్త్రవేత్త పీటర్ బ్లావ్ 1955లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికాలోని ఒక రాష్ట్ర ప్రభుత్వ ఉపాధి కార్యాలయం ఉంది. యజమానులు తెలిపిన ఖాళీలను అక్కడ చీట్లపై రాసి అందరికీ అందుబాటులో ఉంచాలి. మొదట్లో ఎన్ని ఇంటర్వ్యూలు చేశారన్నదే లెక్క కావడంతో సిబ్బంది అభ్యర్థులను గబగబా పంపించేసేవారు. దాన్ని సరిదిద్దడానికి ఎంతమందిని ఉద్యోగంలో చేర్చారన్న లెక్క కూడా పెట్టారు. అప్పుడు కొందరు మంచి ఖాళీల చీట్లను దాచుకోసాగారు. ఆ పనికి సరిపోయే మనిషి పక్క బల్ల ముందు కూర్చుని ఉత్త చేతులతో వెళ్లిపోయేవాడు.

అదే కార్యాలయంలో మరో విభాగం చీట్లు దాచకుండా పంచుకుంది. పోటీ విభాగంలో ఎక్కువ పోటీపడ్డవారి సొంత లెక్క బాగుండేది. అయినా మొత్తం మీద, అందిన ఖాళీల్లో ఎక్కువ శాతం నింపింది పంచుకున్న విభాగమే. ఒక్కొక్కరి అంకెలే చూసే అధికారికి ఈ తేడా ఎన్నటికీ కనిపించదు. అయితే ఇది మంచి మాటల వల్ల మాత్రమే సాధ్యమైందనుకోకూడదు. పంచుకున్న విభాగం వారి ఉద్యోగాలు స్థిరమైనవి, పైగా వారి పర్యవేక్షకుడు అంకెలకు అంత ప్రాధాన్యం ఇవ్వలేదు. తాత్కాలిక ఉద్యోగిని పట్టుకుని సహకరించమనడం న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం.

మన సభ్యులే రెండు జట్లుగా కూర్చుని ఈ పని చేసి చూశారు. ఒక జట్టులో ఎవరి లెక్క వారిది, రెండో జట్టుకు ఉమ్మడి లెక్క. ముగిశాక మొదటి జట్టు బల్ల మీది ఫైలు కింద మూడు చీట్లు దొరికాయి. దాచమని ఎవరూ చెప్పలేదు!

చీట్లు రాత్రంతా కూర్చుని రాసిన ఇద్దరు సోదరీమణులకు, గది ఇచ్చిన గ్రంథాలయ నిర్వాహకులకు, టీ ఏర్పాట్లు చూసిన కోశాధికారి గారికి హృదయపూర్వక కృతజ్ఞతలు. పేర్లిచ్చి రాని కార్యకర్తల పని నలుగురే మోశారు. ఇది బాధతో రాస్తున్నాను. మూడుసార్లు ఆహ్వానించినా ఒక్క అధికారి రాలేదు, నిజానికి ఆ మూడు చీట్లు చూడవలసింది వారే.

జమాఖర్చులు తనిఖీ అయ్యాయి, స్వల్ప మిగులు ఉంది, పట్టిక జతచేశాను.

వచ్చే సమావేశానికి ప్రతి సభ్యుడూ తన కార్యాలయంలో నెలనెలా నింపే పని లెక్క పత్రం ఖాళీ ప్రతి ఒకటి తీసుకురావాలి. అందులోని ఏ గడి ఏ చీటీని దాచిస్తోందో కలిసి వెతుకుదాం.

కార్యదర్శి