మా తమ్ముణ్ని ఏ కాలమ్‌లో రాశారు సార్? రక్షణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. నల్లగొండ జిల్లా దేవరకొండ నుంచి రాస్తున్నాను. సైన్యంలో పోయిన మా తమ్ముడి మరణాన్ని తప్పు కాలమ్‌లో రాశారని, దాన్ని సరిచేయమని ఇప్పటికి మూడు దరఖాస్తులు పెట్టాను, 2016లో ఒకటి, 2019లో ఒకటి, 2023లో ఒకటి. మూడింటికీ ఒకటే జవాబు, "మీ దరఖాస్తును సంబంధిత విభాగానికి పంపాము" అని. ఆ విభాగం ఏదో, అందులో ఎవరు చూస్తున్నారో ఈ రోజుకీ మాకు తెలియదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

నేను కూడా ఫౌజీనే సార్. 22 ఏళ్లు క్లర్కుగా చేసి హవల్దార్‌గా రిటైర్ అయ్యాను. మనుషులు చనిపోయినప్పుడు యూనిట్ నుంచి పై ఆఫీసుకు వెళ్లే సందేశం, అంటే సిగ్నల్, టైప్ చేసింది నాలాంటి వాళ్లమే. కాబట్టి ఏ మనిషిని ఏ కాలమ్‌లో రాస్తే ఏమవుతుందో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయినా మా ఇంటి మనిషి విషయం వచ్చేసరికి నా తెలివి దేనికీ పనికిరాలేదు.

మా తమ్ముడు 2014 జనవరిలో కశ్మీర్‌లో నియంత్రణ రేఖ మీద పోయాడు. పైపోస్టుకు కిరోసిన్, రేషన్ మోసుకెళ్లే పార్టీలో ఉన్నాడు. పన్నెండు వేల అడుగుల పైన, నడుం లోతు మంచు. రెండు రోజులుగా దగ్గుతున్నాడట, మూడో రోజు ఊపిరి ఆడలేదు, నోట్లోంచి ఎర్రటి నురగ వచ్చిందని పక్కనున్న కుర్రాడు తర్వాత ఫోన్లో ఏడుస్తూ చెప్పాడు. అది ఎత్తులో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే జబ్బు. దానికి మొట్టమొదట చేయాల్సింది ఆక్సిజన్ పెట్టి మనిషిని వెంటనే కిందికి దించడం. ఆ రోజు వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేదు, తోటి జవాన్లే భుజాల మీద మోశారు, దారిలోనే అయిపోయింది.

మాకు వచ్చిన కాగితంలో మరణ కారణం "కార్డియో పల్మనరీ అరెస్ట్" అని ఉంది. అంటే గుండె, ఊపిరి ఆగిపోయాయని. ఎవరు చనిపోయినా గుండె, ఊపిరి ఆగుతాయి కద సార్! తూటా తగిలినా అంతే, ముసలితనంతో మంచం మీద పోయినా అంతే. ఎందుకు ఆగాయి అన్నది కదా రాయాల్సింది. ఆ ఒక్క ముక్క రాయకపోవడం వల్ల మా వాడు "బ్యాటిల్ కాజువల్టీ" కాకుండా "ఫిజికల్ కాజువల్టీ" కాలమ్‌లోకి వెళ్లిపోయాడు. ఇది చదివే మా జిల్లా వాళ్ల కోసం చెప్తున్నా, మొదటి కాలమ్ శత్రువుతో పోరులోనో, ఆపరేషన్‌లోనో పోయినవాళ్లది, రెండోది జబ్బుతోనో, మామూలు ప్రమాదంలోనో పోయినవాళ్లది. మొదటిదైతే భార్యకు చివరి జీతమంతా పెన్షన్‌గా వస్తుంది, రెండోదైతే, డ్యూటీ వల్లే పోయాడని ఒప్పుకున్నా కూడా 60 శాతం. డబ్బు సంగతి పక్కన పెట్టండి. లెక్క సంగతి చూడండి. "ఆ ఏడాది సరిహద్దులో ఇంతమంది వీరమరణం పొందారు" అని సర్కారు చెప్పే అంకెలో మా తమ్ముడు లేడు.

మీ సైన్యం రాసుకున్న నియమాలే మా వైపు ఉన్నాయి. 2003 నాటి ఒకటో నంబర్ ఆర్మీ ఆర్డర్‌లో, అంతర్జాతీయ సరిహద్దు మీదగానీ నియంత్రణ రేఖ మీదగానీ పనిచేస్తూ ప్రకృతి విపత్తు వల్ల, వాతావరణం తెచ్చిన జబ్బు వల్ల పోయినవాళ్లను బ్యాటిల్ కాజువల్టీగా లెక్కించాలని ఉంది. ఇలాంటి కేసే ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2013 జనవరిలో నియంత్రణ రేఖ దగ్గర పెట్రోలింగ్‌లో ఊపిరాడక పోయిన జవాన్‌ను ముందు బ్యాటిల్ కాజువల్టీ అని రాసి, తర్వాత మార్చి ఫిజికల్ అన్నారు. ఆయన భార్య సైనిక ట్రిబ్యునల్‌లో గెలిస్తే ప్రభుత్వం మళ్లీ పై కోర్టుకు పోయింది. 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ అప్పీలు కొట్టేసి, ఆమెను కోర్టుకు లాగినందుకు 50 వేలు ఖర్చులు కూడా కట్టమంది. ఆ తీర్పు మీ ఆఫీసులకు చేరలేదని నేను అనుకోను. మరి మా ఫైలు ఎందుకు కదలదు?

మీరు కాదనలేని ఉదాహరణ ఒకటి మా జిల్లా నుంచే చెప్తాను. గల్వాన్. లడఖ్‌లో చైనా సైన్యంతో కొట్లాట జరిగిన 2020 జూన్ 15 రాత్రి. అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్న కర్నల్ సంతోష్ బాబు గారిది సూర్యాపేట, ఒకప్పుడు మా ఉమ్మడి నల్లగొండే. ఆ మర్నాడు మధ్యాహ్నం సైన్యం ఒక ప్రకటన ఇచ్చింది, ఒక ఆఫీసర్, ఇద్దరు జవాన్లు మరణించారని. మొత్తం ముగ్గురు. అదే రాత్రి ఇంకో ప్రకటన, మొత్తం 20 మంది అని. మధ్యాహ్నానికీ రాత్రికీ 17 ఎలా పెరిగిందని మా ఊర్లో చాయ్ హోటల్ దగ్గర ఎంత గొడవో. దాచిపెట్టారని ఒకరు, ఇంకా దాస్తున్నారని ఇంకొకరు. నేను అప్పుడే చెప్పాను, మొదటి సిగ్నల్ ఎప్పుడూ అలాగే ఉంటుందని. చీకట్లో కొట్లాట అయ్యాక తెల్లారి నామినల్ రోల్, అంటే యూనిట్‌లో ఉన్నవాళ్ల పేర్ల జాబితా, పట్టుకుని పేర్లు పిలుస్తారు. పలికినవాళ్లు పలుకుతారు. పలకనివాళ్లలో కళ్లతో చూసిన శవాన్నే చనిపోయినట్టు రాస్తారు, మోసుకొచ్చినవాళ్లను గాయపడ్డవాళ్లలో, అసలు దొరకనివాళ్లను మిస్సింగ్‌లో. గాయపడ్డ మనిషి రెండు గంటలకు పోతే ఆ కాలమ్‌లో కొట్టేసి ఈ కాలమ్‌లో రాయాలి. ఇక్కడే అసలు తప్పులు జరుగుతాయి. యూనిట్ లిస్టులో "గాయం" అని ఉంటుంది, దూరంగా హాస్పిటల్ లిస్టులో అదే మనిషి "మృతి" అని ఉంటాడు. ఆర్మీ నంబర్ సరిచూడకుండా రెండు లిస్టులూ కూడితే ఒక్క మనిషి ఇద్దరవుతాడు. నా సర్వీసులో ఇలాంటి లిస్టులు రాత్రుళ్లు కూర్చుని సరిచేశాను. అంకె మారిందంటే ప్రతిసారీ అబద్ధం చెప్పారని కాదు. కానీ ఎందుకు మారిందో చెప్పకపోతే జనం అబద్ధమనే అనుకుంటారు, అందులో వాళ్ల తప్పు లేదు.

ఇప్పుడు నేను పట్టుకున్న మాట ఇది. ఆ రాత్రి ప్రకటనలో సైన్యమే ఏం రాసిందో చూడండి. ఆ 17 మంది తీవ్రంగా గాయపడి, ఎత్తైన చోట సున్నా కంటే తక్కువ చలికి గురై మరణించారని రాసింది. అంటే గాయంతోపాటు చలి కూడా చంపింది. వాళ్లందరినీ పోరులో మరణించినవాళ్లుగానే లెక్కించారు, సరిగ్గా చేశారు, చేతులెత్తి దండం పెడతాను. అదే చలి, అదే ఎత్తు, నియంత్రణ రేఖ మీద మా తమ్ముణ్ని చంపితే అది జబ్బు ఎట్లయింది?

అవతలివాళ్ల సంగతి చూడండి. చైనా ఎనిమిది నెలలు నోరు విప్పలేదు. 2021 ఫిబ్రవరిలో నలుగురు పోయారని చెప్పింది. ఆ నలుగురిలో ఒకడు సాయానికి వస్తూ నది దాటేటప్పుడు నీళ్లలో పోయినవాడు, అతన్ని కూడా లెక్కలో వేసుకున్నారు, మరణానంతర గౌరవం ఇచ్చారు. ఆ నాలుగు అనే అంకెను నేను నమ్మను, అది వేరే సంగతి. రష్యా వార్తా సంస్థ టాస్ 45 అని రాసింది. మన నార్తర్న్ కమాండ్ అధిపతి అదే నెలలో ఒక ఇంటర్వ్యూలో నిజాయితీగా చెప్పారు, మన పరిశీలకులు అరవై మందికి పైగా స్ట్రెచర్ల మీద మోసుకెళ్లడం చూశారని, వాళ్లలో ఎంతమంది చనిపోయారో తాను ఖచ్చితంగా చెప్పలేనని, టాస్ చెప్పిన 45 దగ్గరగా ఉండొచ్చని. స్ట్రెచర్ మీద ఉన్నవాడు బతికున్నాడో లేదో అవతలి గట్టు నుంచి ఎవరికి తెలుస్తుంది? పైగా ఇంగ్లీషులో "కాజువల్టీస్" అంటే చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు అందరూ కలిపి. అది తెలుగులోకి వచ్చేసరికి "మృతులు" అయిపోతుంది. మర్నాడు అరవై శవాలని వాట్సాప్‌లో తిరుగుతుంది. సగం గొడవలు ఈ ఒక్క మాట దగ్గరే పుడుతున్నాయి సార్.

గాయపడ్డవాళ్ల లెక్క ఇంకా అన్యాయం. చనిపోతే కనీసం శవం ఉంటుంది. గాయానికి ఏది హద్దు? 2020 జనవరి 8న ఇరాన్ క్షిపణులు ఇరాక్‌లోని అల్ అసద్ స్థావరం మీద పడితే, తమవాళ్లలో ఎవరికీ ఏమీ కాలేదని అమెరికా ప్రకటించింది. తర్వాత 11 అన్నారు, 34 అన్నారు, 50 అన్నారు, 64 అన్నారు, చివరికి వందకు పైనే తేలారు. అన్నీ పేలుడు అదురుకు మెదడుకు తగిలిన దెబ్బలు, నెత్తురు లేదు, తలనొప్పి, కళ్లు తిరగడం రోజులు గడిచాక బయటపడ్డాయి. మా తమ్ముణ్ని మోసిన కుర్రాడికి మంచు కొరికి రెండు కాలి వేళ్లు తీసేశారు. అతను గాయపడ్డవాళ్ల లెక్కలో ఉన్నాడా అని అడిగాను. లేడట.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. మా తమ్ముడు పోయిన రోజు యూనిట్ పంపిన మొదటి సిగ్నల్ కాపీ ఇప్పించండి. అందులో ఏ కాలమ్ అని ఉందో, తర్వాత ఎవరు ఏ కారణంతో మార్చారో చూపించండి. మార్చకపోతే మొదట్లోనే తప్పు రాశారని ఒప్పుకోండి. పార్లమెంటులో ఏటా సరిహద్దు మరణాల అంకె చెప్పేటప్పుడు పక్కనే రెండో కాలమ్ కూడా చెప్పించండి, చలికి ఎంతమంది, హిమపాతానికి ఎంతమంది, ఎత్తు తెచ్చే జబ్బుకు ఎంతమంది అని. మా ఫైలు తెరిపించండి సార్, ముందు అది చేయండి. ఆ 2003 ఆర్డర్ పక్కన పెట్టుకుని ఒక్కసారి చదివించండి.

మా మరదలు కోర్టుకు పోదాం బావా అంటోంది. పోతే గెలుస్తామని నాకు తెలుసు, కానీ ఎన్నేళ్లు పడుతుందో కూడా తెలుసు. ఆమెకు ఇప్పుడు 38 ఏళ్లు. కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, పోయినేడు కాలేజీ ఫారంలో "తండ్రి మరణ కారణం" అని ఉన్న చోట ఏం రాయాలి పెద్దనాన్నా అని నన్ను అడిగాడు. ఖాళీగా వదిలెయ్యమన్నాను.

దరఖాస్తు నాలుగోసారి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. తమ్ముడి ఆర్మీ నంబర్, పాత మూడు రసీదుల కాపీలు, ఆ మరణ ధృవపత్రం అందులో జతచేశాను.

ఇట్లు,
ఒక విశ్రాంత హవల్దార్ క్లర్క్,
దేవరకొండ, నల్లగొండ జిల్లా