జగ్గన్నతోట ప్రభల తీర్థంలో భోజనాల పందిరి నడిపిన వారికి, మా వంటసామాను అద్దె షాపు ఖాతాదారులకు

"పెద్ద గుండిగలన్నీ తీర్థానికి వెళ్లాయట కదండీ. మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లికి మిగులుతాయా?"

మిగులుతాయండి. వెళ్లినవి 14, వచ్చినవి 14. ఒక్కదానికి మాత్రం అంచు నొక్కుకుపోయింది, అది వంటకేమీ అడ్డం కాదు. సంక్రాంతి తరువాత మా షాపులో సామాను లెక్క ఇంత త్వరగా తేలడం నాకు గుర్తున్నంతలో ఇదే మొదటిసారి. అందుకు కారణం నేను కాదు, కనుమ నాడు పందిట్లో పనిచేసిన మీరు. ఈ నోటీసు షాపు గోడకూ, మన వాట్సాప్ గ్రూపుకూ కలిపి రాస్తున్నాను.

పేర్లు రాయడం లేదు. ఒకసారి పేర్లు రాసి బోర్డు పెట్టాను. ఒక పేరు తప్పిపోయింది. ఆ ఇంటివారు గృహప్రవేశానికి సామాను పక్క ఊరి నుంచి తెచ్చుకున్నారు. అందుకని పని మాత్రమే రాస్తాను. ఎవరి పని ఏదో వారికి తెలుసు, చూసిన నాకూ తెలుసు.

ముందుగా నా తప్పు చెప్పుకోవాలి. ఆ తప్పును ఎవరు దిద్దారో చెప్పకుండా కృతజ్ఞతలు చెబితే అది మొక్కుబడి అవుతుంది.

మన పందిరిలో ఒక బంతికి 400 మంది కూర్చుంటారు. గుండిగకు ఒక బస్తా, అంటే 26 కిలోల బియ్యం పోస్తాం. కిలోకు ఎనిమిది మంది చొప్పున గుండిగకు రెండు వందల మంది చక్కగా తింటారు. అంటే బంతికి రెండు గుండిగలు. వడ్డించడం, తినడం, ఆకులెత్తడం అన్నీ కలిపి బంతికి ఇరవై నిమిషాలు పడితే, గంటకు మూడు బంతులు, ఆరు గుండిగల అన్నం కావాలి. మన దగ్గర అన్నానికి ఉన్న పొయ్యిలు నాలుగు. ఎసరు మరిగి, బియ్యం ఉడికి, గంజి వార్చేసరికి గంట పడుతుంది. గంటకు వచ్చేది నాలుగు గుండిగలు, పోయేది ఆరు. ప్రభలు రాకముందు తిని తోటలోకి వెళ్లాలని పన్నెండు నుంచి రెండు వరకు జనం విరగబడతారు. ఆ రెండు గంటలకు నాలుగు గుండిగల అన్నం ముందే సిద్ధంగా ఉంటే సరిపోతుంది. కాగితం మీద ఇంత సులభమైన లెక్క. నేను మాత్రం భయపడి పొద్దున తొమ్మిదింటికల్లా ఎనిమిది గుండిగలు వార్పించి, చాపల మీద ఒకే రాశిగా పోయించి, వేడి పోకూడదని పైన టార్పాలిన్ కప్పించాను.

వేడి పోలేదు, ఆవిరీ పోలేదు. టార్పాలిన్ లోపలి వైపు నీరు కట్టి, అంచుల వెంట కారి, అడుగు అన్నంలోకి దిగింది. రాశి నడుమ చెయ్యి పెడితే కాలుతోంది, అంచుల్లో మాత్రం గోరువెచ్చగా, తడిగా ఉంది. అన్నం పాడయ్యేది అలాంటి చోటే. పొగలు కక్కే అన్నానికి ఏమీ కాదు, ఆరబెట్టి చల్లార్చిన అన్నం కూడా కొంతసేపు నిలుస్తుంది. గోరువెచ్చగా, తడిగా గంటల తరబడి ఉన్న అన్నమే పులుస్తుంది. అలాంటి అన్నాన్ని మళ్లీ వేడి చేసినా లాభం లేదు. వాంతులు తెప్పించే విషం అప్పటికే పుట్టి ఉంటే అది వేడికి చావదు.

దీన్ని కనిపెట్టింది అన్నం బేసిన్లకు ఎత్తే దగ్గర నిలబడ్డ పదో తరగతి అమ్మాయి. పన్నెండున్నరకు నా దగ్గరకు వచ్చి, "తాతయ్యా, ఈ పక్క అన్నం చేతికి అంటుకుంటోంది, వేళ్లు విడదీస్తే తీగ వస్తోంది" అంది. నేను వాసన చూసి బాగానే ఉందన్నాను. నిజానికి అప్పటికి నా ముక్కుకు సాంబారు పొగ తప్ప ఏదీ తెలియడం లేదు. ఆ అమ్మాయి నా మాట వినలేదు. గుప్పెడు అన్నం అరిటాకులో వేసి, పొయ్యిలకు దూరంగా తీసుకువెళ్లి ఇద్దరు పెద్దవాళ్లకు వాసన చూపించి వచ్చింది. ముగ్గురూ పులిసిందన్నారు. రెండు గుండిగలకు సరిపడా అన్నం పక్కకు తీయించాం. అమ్మా, ఆ పూట నువ్వు నా మాట విననందుకు నీకు మొదటి నమస్కారం.

కనుమ పండగే కదా, తీసేసిన అన్నం గేదెలకు పెడదామని ఎవరో అన్నారు. పశువుల ఆసుపత్రిలో పనిచేసే తమ్ముడు ఒప్పుకోలేదు. పశువు ఒక్కసారిగా అంత అన్నం తింటే కడుపులో పులిసి, ఉబ్బి, ప్రాణం మీదికి వస్తుందట. కొబ్బరి చెట్ల మధ్య గొయ్యి తీసి పూడ్చారు. ఆ గొయ్యి తవ్విన నలుగురూ అప్పటికింకా భోజనం చేయలేదు.

ఆ తరువాత పందిరిని నడిపింది నేను కాదు, ఒక సుద్దముక్క. అరిటాకులు వందేసి కట్టలుగా తెప్పించాం. రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు ఆకుల దగ్గర కుర్చీ వేసుకుని, కట్ట విప్పినప్పుడల్లా పక్కనున్న కొబ్బరి చెట్టు మీద ఒక గీత గీశారు. రెండు గీతలు పడగానే ఒక కుర్రాడు పరుగెత్తుకెళ్లి "ఒక గుండిగ" అని చెప్పాలి, పొయ్యి ఖాళీ కాగానే ఎసరు పెట్టాలి. రెండు కట్టలు తెగితే ఒక గుండిగ, అంతే సూత్రం. జనాన్ని చూసి అంచనా వేస్తే ఎప్పుడూ తప్పుతుంది, ఎందుకంటే వరుసలో నిలబడ్డ వాళ్లు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తారు. ఆకు అబద్ధం చెప్పదు. రెండు దాటాక గీతలు పడే వేగం తగ్గింది, మాస్టారు ఒక పొయ్యి ఆపేయమన్నారు. నేనైతే ఇంకా రెండు గుండిగలు ఎక్కించేవాణ్ణి. సాయంత్రం లెక్క చూస్తే చెట్టు మీద 45 గీతలు, చివరకు మిగిలిన అన్నం అర గుండిగ లోపు. మేము అనుకున్నది 4,000 మంది. తిన్నది, చిరిగిన ఆకులు తీసేసినా, 4,400కు తక్కువ కాదు.

బంతి ఇరవై నిమిషాల్లో తెమిలిందంటే ఆ గొప్ప వడ్డించేవారిది మాత్రమే కాదు, ఆకులెత్తిన వారిది. వడ్డనకు అందరూ ముందుకొస్తారు, ఫోటోలు కూడా అక్కడే తీస్తారు. ఎంగిలాకు ఎత్తే పనికి మనుషులు దొరకరు. ఈసారి డ్వాక్రా సంఘం అక్కలు పన్నెండు మంది ఎనిమిది వరుసలూ పంచుకున్నారు. ఒకరు ఆకు మడిచి తట్టలో వేస్తుంటే వెనకే ఒకరు తడిగుడ్డతో పట్టా తుడిచారు. పన్నెండు నుంచి రెండు వరకు వాళ్లు నడుం ఎత్తడం నేను చూడలేదు.

నీళ్ల డ్రమ్ముల దగ్గర, చెప్పుల దగ్గర, సైకిళ్ల దగ్గర ఉన్నవారికీ నమస్కారాలు. మజ్జిగ ఒంటిగంటన్నరకే అయిపోయింది. అది నేను తక్కువ తెప్పించడం వల్ల. మజ్జిగ వడ్డించే పిల్లలను తిట్టినవారు ఈసారి వచ్చి నన్ను తిట్టండి.

ఇంకొక మాట. గంగలకుర్రు ప్రభలు కౌశిక దాటుతున్నాయని కేకలు వినిపించగానే పందిరి సగం ఖాళీ అయింది. భుజాల మీద ప్రభ, మొలలోతు పైన నీళ్లు, గట్ల మీద జనం. ఆ దృశ్యం కోసమే చాలామంది ఎక్కడెక్కడి నుంచో వస్తారు. తరువాత వ్యాఘ్రేశ్వరుడి ప్రభ తోటలోకి వచ్చినప్పుడు మిగిలిన రుద్రుల ప్రభలన్నింటినీ ఒక్కసారి పైకి లేపుతారు. ఆ హరహర మహాదేవ నాదం మా పొయ్యిల దాకా వినిపించింది. అప్పుడు గంజి వారుస్తున్న ఇద్దరు కుర్రాళ్లు గుండిగను వదల్లేక, అటు తిరిగి తలలు మాత్రం వంచారు. వాళ్లు ఈ ఏడాది ప్రభలను చూడలేదు. వచ్చే కనుమకు ఆ ఇద్దరికీ పొయ్యి దగ్గర పని లేదు. గట్టు మీద నిలబడి చూడాలి, నేను చూసుకుంటాను.

ఇక షాపు సంగతి. గుండిగలూ మూతలూ సరిపోయాయి. అందుకు కారణం ముందురోజు రాత్రి కూర్చుని ప్రతి గుండిగకూ దాని మూతకూ ఒకే అంకె పెయింటుతో రాసిన ఇంటర్ పిల్లలు. తిరిగి ఎక్కించేటప్పుడు అంకె చూసి జత కలిపారు. ఏటా మూతల కోసం నేను పడే వెతుకులాట తప్పింది. సాంబారు బకెట్లు రెండు, గరిటెలు 11 కనిపించలేదు. వాటికి కమిటీ దగ్గర గానీ మీ దగ్గర గానీ పైసా తీసుకోను.

ఇత్తడి గుండిగలు మూడు మాత్రం రథసప్తమి వరకు ఎవరికీ ఇవ్వలేను. పులుసు కాచిన తరువాత పిల్లలు శ్రద్ధగా ఇసుకతో రుద్ది, బంగారంలా మెరిపించి తెచ్చారు. బయట రుద్దితే పరవాలేదు. లోపల కూడా రుద్దారు, కళాయి లేచిపోయింది. కళాయి పోయిన ఇత్తడిలో చింతపండు పులుసు కాస్తే చిలుము దిగుతుంది, నాలుకకు లోహపు రుచి తగులుతుంది, కడుపులో తిప్పుతుంది. లోపలి వైపు వెండిలా తెల్లగా ఉండాలి. ఎక్కడైనా పసుపుపచ్చగా కనిపిస్తే ఆ గుండిగలో పులుపు కాయకూడదు. ఇది పిల్లలకు ముందే చెప్పవలసినవాణ్ణి నేను. లోపల బూడిదా కొబ్బరిపీచూ చాలు, ఇసుక వద్దు. మూడింటినీ కళాయికి పంపాను. ఆ లోపు పెళ్లిళ్లవారికి సిల్వర్ గుండిగలు ఇస్తాను. పులుసుకు స్టీలువి రెండు ఉన్నాయి, ముందు చెప్పినవారికి ముందు. ఇత్తడి గుండిగలే కావాలని బయానా ఇచ్చినవారికి తేడా డబ్బు తిరిగి ఇస్తున్నాను, వచ్చి తీసుకోండి.

పందిట్లో మరచిపోయిన వస్తువులు షాపులో ఉన్నాయి. పిల్లల స్వెటర్ ఒకటి, గొడుగులు రెండు, పాలసీసా, కళ్లజోడు, ఒక కాలి చెప్పు. మాస్టారి సుద్దముక్క కూడా నా గల్లాపెట్టెలోనే ఉంది, అది ఇవ్వను.

గరిటెల కాడ మీద ఎర్ర చుక్క ఉంటే అది మాది. మీ వంటింట్లో కనిపిస్తే తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్లండి. ఎలా వచ్చిందని అడగను.