సంక్రాంతికి కాదు, రిపబ్లిక్ డేకి రండి

నాయుడుపేట,
డిసెంబరు 8

చి. సౌ. మాధవికి నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన ప్లాన్ అమ్మకూ చెప్పాను. సంక్రాంతి సెలవుల్లో పిల్లాణ్ణి తీసుకొచ్చి, ఒకే పొద్దున నేలపట్టు పక్షుల చెరువు, పులికాట్ సరస్సు రెండూ చూపించేసి మధ్యాహ్నం బండెక్కేస్తానన్నావు. వద్దమ్మా. రిపబ్లిక్ డే దగ్గరికి మార్చుకో, రెండు పొద్దులు మిగుల్చుకుని రా. ఎందుకో ఫోన్‌లో తెగదు, అందుకే రాస్తున్నాను.

పక్షులు క్యాలెండర్ చూసి రావు, నీళ్లు చూసి వస్తాయి. మన దగ్గర అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలై చెరువు నిండగానే గూడబాతులు నేలపట్టులో దిగుతాయి. నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. జనవరికల్లా చాలా గూళ్లలో పిల్లలు బాగా ఎదిగి ఉంటాయి. కాబట్టి నేలపట్టు వరకు నీ సంక్రాంతి అయినా పనికొస్తుంది. ఇబ్బంది ఫ్లెమింగోలతోనే. అవి ఈదుతూ మేసేవి కావు, బురదలో నిలబడి మేసేవి. నీళ్లు వాటి మోకాలి లోతు దాటితే మేత కష్టం. ఈ ఏడు వానలు గట్టిగా పడ్డాయి, పులికాట్‌లో ఇంకా నీళ్లు ఎక్కువగా ఉన్నాయి. ఇలాంటప్పుడు అవి ఎక్కడెక్కడో పలుచటి నీళ్లు వెతుక్కుంటూ చెదిరిపోతాయి. జనవరి చివరికి నీళ్లు తగ్గుతూ వస్తే రోడ్డు దగ్గరికే గుంపులుగా చేరతాయి. వానలు సరిగ్గా పడని ఏడాదైతే నేనే నిన్ను డిసెంబరులోనే రమ్మనేవాణ్ణి. ఉత్తర దేశాల నుంచి వచ్చే సూదితోక బాతులు కూడా జనవరి చివరికి ఇక్కడే ఉంటాయి, వాటి గురించి తొందరపడక్కర్లేదు.

మొదటి పొద్దు నేలపట్టుకి. ఆ రోజుల్లో సూర్యోదయం 6:35 ప్రాంతంలో. మనం ఆరింటికల్లా కట్ట మీద ఉండాలి. గేటు ఎప్పుడు తీస్తారో ముందురోజే అడిగి పెడతాను. ఆ అరగంట ఎందుకంటే, అది డ్యూటీ మారే వేళ. రాత్రంతా వేటాడిన శబరి కొంగలు చెట్లకు తిరిగొస్తుంటాయి, పగటి పక్షులు లేచి ఒళ్లు దులుపుకుంటుంటాయి. ఎనిమిదింటికి వెళ్లినవాళ్లకు గూళ్లు కనిపిస్తాయి గానీ ఇది కనిపించదు.

అక్కడ ఒక చోటు ఎంచుకుని కూర్చోవాలి. ఎండ మన వీపు మీద పడాలి, మన వెనక ఆకాశం కాకుండా చెట్టో పొదో ఉండాలి. అప్పుడు మన ఆకారం వాటికి విడిగా తెలియదు. మరుగు గదిలోంచి చూస్తున్నా సరే, కిటికీలోంచి చెయ్యి గానీ బైనాక్యులర్స్ గానీ బయటికి చాచకూడదు. గదికి అలవాటు పడ్డ పక్షి కూడా కదిలే చెయ్యి చూస్తే లేస్తుంది. పిల్లాడికి తెల్ల చొక్కా, ఎర్ర చొక్కా వద్దు, మట్టిరంగుదో పాత ఆకుపచ్చదో వెయ్యి.

వెళ్లగానే ఏమీ జరగదు. మనం వచ్చిన అలికిడికి బిగుసుకున్న పక్షులు మళ్లీ తమ పనిలో పడటానికి ఇరవై నిమిషాలో అరగంటో పడుతుంది. ఒక్క గూడు ఎంచుకుని దాన్నే చూడమను. తల్లి గూడబాతు వచ్చి వాలి నోరు తెరుస్తుంది. పిల్ల తన తలంతా తల్లి గొంతు సంచిలోకి దూర్చేసి లోపలి చేపల్ని తింటుంది. చూసేవాళ్లకు తల్లే పిల్లని మింగేస్తోందేమో అనిపిస్తుంది, మనవడికి ముందే చెప్పి ఉంచు. పక్కనే నత్తగుల్ల కొంగలు కూడా ఉంటాయి. ముక్కు పూర్తిగా మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది, అది చూపించు.

పక్షులు మేత మానేసి మెడలు నిటారుగా ఎత్తాయంటే మనం ఎక్కువ దగ్గరికి వెళ్లామని లెక్క. అక్కడే ఆగాలి, లేదా వెనక్కి రావాలి. ఫోటో కోసం చప్పట్లు కొట్టి లేపేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పెద్దవి లేచిన ఆ కాస్త సేపట్లో కాకులు గూళ్లలో గుడ్లు ఎత్తుకుపోతాయి. ఆ ఊరివాళ్లు ఈ పక్షుల్ని తరాలుగా కాపాడుకుంటున్నారు. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని వాళ్లకు తెలుసు.

రెండో పొద్దు పులికాట్‌కి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచి తూర్పుకు పోతుంది. ఇక్కడ మన కారే మరుగు. కారు ఆగితే పక్షులు ఊరుకుంటాయి, తలుపు తీసి మనిషి దిగితే జరిగిపోతాయి. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయంలో లేచి దక్షిణం వైపుగానే నడుస్తాడు. అందువల్ల రోడ్డుకి కుడివైపు చూస్తే ఎండ కళ్లలో కొడుతుంది, పక్షులన్నీ నల్లటి బొమ్మల్లా ఉంటాయి. ఎడమవైపు, అంటే ఉత్తరం వైపు, గులాబీ రంగు గులాబీగానే కనిపిస్తుంది. మనం వెళ్లేటప్పుడు బండి ఎడమ అంచున ఆపుతాం కాబట్టి ఎడమ కిటికీలోంచి హాయిగా చూడొచ్చు. వచ్చేటప్పుడు చూద్దాంలే అనుకుంటే ఆ కిటికీ దక్షిణానికి తిరిగిపోతుంది. ఇస్రో వాహనాలు తిరిగే దారి, బండి బాగా పక్కకు తీసి ఆపాలి. పాస్ లేకుండా చెక్‌పోస్టు దాటనివ్వరు. మనకు ఆ అవసరమూ లేదు.

ఫ్లెమింగో తల తలకిందులు చేసి పై ముక్కు బురద వైపు పెట్టి మేస్తుంది. కాళ్లతో తొక్కుతూ బురద లేపుతుంది. ఇది కనపడాలంటే మంచి బైనాక్యులర్స్ ఉండాలి. నువ్వు ఆన్‌లైన్‌లో చూశానన్న 20 రెట్ల జూమ్‌ది కొనకు. అంత పెంచితే నీ చేతి వణుకు కూడా అంత పెరుగుతుంది, స్టాండ్ లేకుండా పక్షి నిలవదు. 8×42 తీసుకో. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు గాజు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటికి వచ్చే కాంతి చుక్క వెడల్పు తెలుస్తుంది. 8×42కి అది అయిదుకు పైనే. జేబులో పట్టే 10×25కి రెండున్నరే. పట్టపగలు రెండూ ఒకటే అనిపిస్తాయి, ఆరుంపావు చీకట్లో మాత్రం చిన్నది ఏమీ చూపించదు. దూరపు గుంపుల కోసం నా టెలిస్కోపు ఉంది, స్టాండుతో సహా తెస్తాను. అది కూడా తొమ్మిది వరకే. ఆ తర్వాత ఎండకి నీటిపైన గాలి మరుగుతున్నట్టు అలలాడుతుంది, ఎంత పెద్దది చేసినా అలలే పెద్దవవుతాయి.

బైనాక్యులర్స్ రాగానే సరిచేసుకో. కుడి గాజు మూసి, ఎడమ కంటితో దూరంగా ఉన్న బోర్డు చూస్తూ మధ్య చక్రం తిప్పు. స్పష్టంగా కనపడ్డాక ఎడమది మూసి, చక్రం ముట్టుకోకుండా కుడి కంటి దగ్గరి చిన్న రింగు తిప్పు. ఇది చెయ్యకపోతే గంటలో తలనొప్పి వస్తుంది. కళ్లజోడు తియ్యకు, కంటి దగ్గర రబ్బరు అంచులు లోపలికి తిప్పుకుంటే చాలు.

రెండో రోజు ఇంటి నుంచి అయిదు లోపే బయలుదేరాలి. ఇడ్లీలు అమ్మ కట్టిస్తానంటోంది. టికెట్లు మాత్రం ఇప్పుడే తీసుకోకు. జనవరి మొదటి వారంలో ఒకసారి సూళ్లూరుపేట వెళ్లి నీళ్లు ఎంతవరకు తగ్గాయో చూసి ఫోన్ చేస్తాను, అప్పుడు బుక్ చెయ్యి.

అల్లుడిగారిని అడిగానని చెప్పు.

మీ నాన్న