గాజుల సైజు, పూత, డెలివరీ: ఇక నుంచి అన్నీ ఫొటో కిందే రాస్తాను

"అక్కా, ఇది వన్ గ్రామ్ గోల్డేనా? నా చేతికి ఏ సైజు పడుతుంది? రంగు ఎన్నాళ్లుంటుంది? శుక్రవారానికి వచ్చేస్తుందా?"

సోమవారం నుంచి నేను పెట్టే ప్రతి ఫొటో కింద వీటికి జవాబు ముందే ఉంటుంది. ఇన్నాళ్లూ "న్యూ కలెక్షన్, అన్ని సైజులూ ఉన్నాయి, రేటు కోసం మెసేజ్ చేయండి" అని మూడు ముక్కలు రాసి వదిలేశాను. మీరు అడగడం, నేను రాత్రి పదకొండింటికి జవాబివ్వడం, ఈలోపు ఆ పీస్ ఇంకొకరికి అమ్ముడైపోవడం. ఇది మీకూ బాగాలేదు, నాకూ బాగాలేదు. అయినా మార్చకుండానే నెట్టుకొచ్చాను. పోయిన నెల జరిగిన ఒక విషయం తర్వాత ఇక అలా వదిలేయకూడదనిపించింది.

ఒక కస్టమర్ తమ్ముడి పెళ్లికని రాళ్ల గాజుల జత అడిగారు. సైజు ఎంతమ్మా అంటే, ఇంట్లో ఉన్న పాత గాజును స్కేలుతో కొలిచారు. 6.6 సెంటీమీటర్లు వచ్చింది. దాన్ని ఫోన్‌లో అంగుళాల్లోకి మార్చి చూస్తే 2.6 అని వచ్చిందట. "2.6 పంపండి" అన్నారు, పంపాను. పెళ్లికి ముందు రోజు రాత్రి ఫోన్ చేశారు. గాజు బొటనవేలి కణుపు దగ్గరే ఆగిపోయింది. సబ్బు నీళ్లు రాసుకున్నా ఎక్కలేదు. ఆమె కొలిచింది సరిగ్గానే కొలిచారు, ఫోన్ చూపించిన లెక్కా సరైనదే. గాజుల లెక్క వేరే ఉంటుందని చెప్పాల్సింది నేను. చెప్పలేదు. ఆమె పాత గాజులతోనే పెళ్లికి వెళ్లారు. ఆ తర్వాత గాజులు మార్చి పంపాను, రెండు వైపులా కొరియర్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. కానీ పెళ్లి అయితే అయిపోయింది కదా.

గాజుల సైజులో మధ్యనున్న చుక్క మనం లెక్కల్లో పెట్టే చుక్క లాంటిది కాదు. చుక్కకు ముందున్నవి అంగుళాలు, తర్వాత ఉన్నవి అంగుళంలో పదహారో వంతులు. 2.6 అంటే రెండు అంగుళాల మీద పదహారింట ఆరు వంతులు. సెంటీమీటర్లలో చెప్పాలంటే 6 మీద కొంచెం. ఆమెకు కావలసింది 2.10, అంటే రెండు అంగుళాల మీద పదహారింట పది వంతులు, సుమారు 6.7 సెంటీమీటర్లు. 2.8 తర్వాత సైజు 2.10 అని ఎందుకు రాస్తారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. అందుకే దయచేసి 2.10ని 2.1 అని టైప్ చేయకండి. నేను దాన్ని 2.2 కంటే చిన్న సైజు అనుకునే ప్రమాదం ఉంది.

ఇక నుంచి ప్రతి గాజు ఫొటో కింద సైజుతో పాటు సెంటీమీటర్లు కూడా ఉంటాయి: 2.4 అయితే 5.7, 2.6 అయితే 6, 2.8 అయితే 6.4, 2.10 అయితే 6.7. ఇది గాజు లోపలి అంచు నుంచి ఎదురుగా ఉన్న లోపలి అంచు వరకు కొలత. బయటి అంచు నుంచి కొలిస్తే గాజు మందం కూడా కలిసిపోయి ఒక సైజు ఎక్కువ చూపిస్తుంది.

కొలవడానికి పాత గాజు లేకపోతే ఒక దారం చాలు. గాజు వేసుకునేటప్పుడు చెయ్యి ఎలా ముడుస్తామో అలాగే బొటనవేలిని చిటికెనవేలి వైపు తెచ్చి, కణుపుల దగ్గర చెయ్యి బాగా వెడల్పుగా ఉన్న చోట దారం చుట్టండి. బిగించొద్దు, వదులుగా కూడా వద్దు. ఆ దారాన్ని స్కేలు మీద పరిస్తే 18 సెంటీమీటర్లు వస్తే 2.4, 19 వస్తే 2.6, 20 వస్తే 2.8, 21 వస్తే 2.10. సెంటీమీటరుకో సైజు, గుర్తుపెట్టుకోవడం తేలిక. కొలత రెండింటి మధ్యలో వస్తే పెద్ద సైజే తీసుకోండి. మట్టి గాజులు తొడిగేవాళ్లు చెయ్యి నొక్కి నొక్కి చిన్న సైజు కూడా ఎక్కించేస్తారు. దాన్ని బట్టి "నాది 2.4" అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వెడల్పుగా ఉండే రాళ్ల గాజును అలా నొక్కి ఎక్కిస్తే చర్మం గీరుకుంటుంది, రాళ్లు వదులవుతాయి. స్క్రూ తీసి తెరుచుకునే కడియాలకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. వాటికి మణికట్టు చుట్టుకొలత చూడాలి, ఆ కొలత విడిగా రాస్తాను.

ఇక "వన్ గ్రామ్ గోల్డ్" అన్న మాట గురించి. నేను అమ్మే గాజులు ఇత్తడివి, వాటి మీద బంగారు పూత ఉంటుంది. ఎక్కువ భాగం బందరు నుంచి తెస్తాను. చిలకలపూడి పేరుతో మన అమ్మమ్మల కాలం నుంచీ తెలిసిన సరుకే ఇది. వన్ గ్రామ్ అన్నది వ్యాపారంలో స్థిరపడిపోయిన పేరు, జతకు ఒక గ్రాము బంగారం ఉందని కాదు. పూత మందం అర మైక్రాన్, అంటే మిల్లీమీటరులో రెండు వేలో వంతు అనుకుందాం. అప్పుడు ఒక్క గ్రాము బంగారం వెయ్యి చదరపు సెంటీమీటర్ల మేర పరుచుకుంటుంది. అంటే డజన్ల కొద్దీ సన్న గాజులకు సరిపోతుంది. బంగారం రేటు తెలిసినవాళ్లకు నేను అమ్మే ధరలో గ్రాము బంగారం రాదని వేరే చెప్పక్కర్లేదు. కానీ రాసి చెప్పడం నా బాధ్యత. కాబట్టి ఫొటో కింద మొదటి మాట "ఇత్తడి మీద బంగారు పూత" అనే ఉంటుంది. హాల్‌మార్క్ ఉందా అని అడుగుతున్నారు. అది అసలు బంగారానికీ వెండికీ వేసే ముద్ర. వీటికి ఉండదు, ఎవరైనా ఉందంటే నమ్మొద్దు.

రాళ్ల గురించి కూడా మాట మార్చుకుంటున్నాను. ఇదివరకు "కెంపులు, పచ్చలు" అని రాసేదాన్ని. అవి గాజు రాళ్లు, అంటే గ్లాసుతో చేసినవి. ఇక "కెంపు రంగు రాళ్లు" అని రాస్తాను. తెల్ల రాళ్లు సీజెడ్ అయితే సీజెడ్ అనీ, మామూలు గాజు అయితే గాజు అనీ ఉంటుంది. రాళ్లను పొదిగారా, గమ్‌తో అతికించారా అన్నది కూడా రాస్తాను, ఎందుకంటే వాడకంలో తేడా అక్కడే వస్తుంది. అతికించిన రాళ్లు వేడి నీళ్లు తగిలితే వదులవుతాయి.

ఇంకొకటి. బంగారు పూత ఇత్తడికి బాగా పట్టడానికి దాని కింద నికెల్ పూత వేయడం మామూలే. జీన్స్ గుండీ తగిలినా, వాచీ వెనక భాగం తగిలినా చర్మం ఎర్రబడి దురద పెడుతుందంటే మీకు నికెల్ పడకపోవచ్చు. అలాంటివాళ్లు వీటిని కొనకండి. నా అమ్మకం పోయినా పర్వాలేదు. చేతికి ఆకుపచ్చ మరక అంటుకోవడం వేరే సంగతి. పూత అరిగిన చోట ఇత్తడిలోని రాగికి చెమట తగిలి ఆ రంగు వస్తుంది, సబ్బుతో కడిగితే పోతుంది.

రంగు ఎన్నాళ్లుంటుందన్నదానికి "ఆరు నెలల గ్యారెంటీ" లాంటి మాట నేను రాయను. అదే గాజులు పెళ్లిళ్లకు మాత్రమే వేసుకునేవాళ్ల దగ్గర ఏళ్ల తరబడి మెరుస్తూ ఉన్నాయి. రోజూ వేసుకుని గిన్నెలు తోమినవాళ్ల దగ్గర కొన్ని నెలల్లోనే అంచులు తేలిపోయాయి. పూత పోయేది ఎక్కువగా రాపిడి వల్ల. గాజులు ఒకదానికొకటి తగిలే అంచుల దగ్గర మొదలవుతుంది, అక్కడ చూస్తే ముందే తెలిసిపోతుంది. మీరు చేయాల్సింది కొంచెమే. సెంటు, హెయిర్ స్ప్రే, ఒంటికి రాసుకునే క్రీములు అన్నీ అయ్యాక చివర్లో గాజులు వేసుకోండి, ఇంటికి రాగానే ముందు గాజులు తీసేయండి. మెత్తని పొడి గుడ్డతో చెమట తుడిచి, ఒక్కో గాజును విడి జిప్ కవర్‌లో పెట్టండి. చింతపండు, నిమ్మకాయ, టూత్‌పేస్ట్ పెట్టి తోమొద్దు. ఇత్తడి పూజ సామాను మెరిసినట్టు మెరుస్తాయనుకుంటారు గానీ, ఉన్న పూత కాస్తా ఊడిపోతుంది. పూత పోయిన గాజులకు మళ్లీ పాలిష్ వేయించవచ్చు. అతికించిన రాళ్లున్న వాటికి మాత్రం కుదరదని ముందే చెబుతున్నాను.

డెలివరీలో గందరగోళం ఎక్కువగా ఒక్క మాట దగ్గరే వస్తోంది. నేను "రెండు రోజుల్లో పంపిస్తాను" అంటే అది ఇక్కడ పార్సిల్ కట్టి కొరియర్‌కు ఇచ్చే రోజు. మీ ఇంటికి చేరే రోజు కాదు. అందుకే ఇక రెండు తేదీలూ విడివిడిగా ఉంటాయి. సరుకు నా చేతిలో ఉందా, బందరు నుంచి తెప్పించాలా అన్నదీ ఉంటుంది. వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు ఆర్డర్ పెట్టి టెన్షన్ పడేవాళ్లు ప్రతి శ్రావణంలోనూ ఉంటారు. పండగకు కావాలంటే కనీసం పది రోజుల ముందు చెప్పండి. పార్సిల్ విప్పేటప్పుడు కవర్ మీద అడ్రస్ కనబడేలా, టేపు కోయకముందే వీడియో మొదలుపెట్టి చివరిదాకా ఆపకుండా తీయండి. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడితే రాయి ఎక్కడ ఊడిందో నాకు తెలియదు, కొరియర్ వాళ్లనూ అడగలేను.

సోమవారం పెట్టబోయే గాజుల కింద రాసింది ఇదీ:

"కెంపు రంగు రాళ్ల గాజులు, 2 (ఒక జత). ఇత్తడి మీద బంగారు పూత, కింద నికెల్ ఉంది. రాళ్లు గాజువి, గమ్‌తో అతికించినవి. వెడల్పు 8 మిల్లీమీటర్లు. సైజులు 2.4 (లోపల 5.7 సెం.మీ.), 2.6 (6 సెం.మీ.), 2.8 (6.4 సెం.మీ.). 2.10 లేదు. నీళ్లు, సెంటు తగలనివ్వొద్దు. సరుకు చేతిలో ఉంది: డబ్బు పంపిన మర్నాడు కొరియర్‌కు ఇస్తాను, ఆంధ్ర, తెలంగాణల్లో ఆ తర్వాత మూడు నుంచి ఐదు రోజులు. సైజు తప్పితే వాడకుండా వారంలోపు తిప్పి పంపితే మారుస్తాను. తిరుగు కొరియర్ ఖర్చు మీది, నేను తప్పు సైజు పంపితే నాది. క్యాష్ ఆన్ డెలివరీ లేదు."

పక్కన పది రూపాయల నాణెం పెట్టి ఒక ఫొటో, కిటికీ దగ్గర పగటి వెలుతురులో ఇంకో ఫొటో ఉంటాయి. రింగ్ లైట్ కింద పూత అసలు కంటే పసుపుగా కనబడుతోంది, కాబట్టి రంగు చూసుకోవాలంటే ఆ రెండో ఫొటోనే చూడండి. పాత ఫొటోలు నూట ఇరవైకి పైగా ఉన్నాయి, రోజుకు పది చొప్పున మారుస్తున్నాను. ఈలోపు వాటిలో ఏదైనా నచ్చితే పైన చెప్పిన దారం కొలత సెంటీమీటర్లలో పంపండి, సైజు నేనే చూసి చెబుతాను.